పేజ్ ఫాల్ట్, థ్రాషింగ్: మేడ మెట్లెక్కిన అనుభవం నుంచి

ప్రశ్న: ర్యామ్‌లో లేని పేజీని ప్రోగ్రాము అడిగితే ఏమవుతుంది? థ్రాషింగ్ ఎందుకు వస్తుంది? గ్రంథాలయం ఉదాహరణతో ఎవరైనా చెప్పగలరా?

కావలిలో డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రాలు ఒక చిన్న గ్రంథాలయంలో పుస్తకాలు అందించే పని చేశాను. చదివే గదిలోని బీరువాలో 12 అరలుండేవి, అరకు ఒక పుస్తకమే పట్టేది. మిగిలినవన్నీ మేడమీది గదిలో ఉండేవి. పాఠకులు పుస్తకం నంబరు మాత్రమే చెప్పేవారు, అది ఏ అరలో ఉందో నా చేతిలోని చిట్టా చూసి తెలుసుకునేవాణ్ణి. ఆ నంబరే పేజీ నంబరు, అర అంటే ర్యామ్‌లోని ఫ్రేము, చిట్టా అంటే పేజీ టేబుల్, మేడమీది గది డిస్క్.

పేజీ పరిమాణం 4096 బైట్లు అనుకోండి. ప్రోగ్రాము 8200 అనే చిరునామా అడిగితే, దానిని 4096తో భాగించగా భాగఫలం 2, శేషం 8 వస్తాయి. పేజీ టేబుల్‌లో 2వ పేజీ 5వ ఫ్రేములో ఉన్నట్లు రాసి ఉంటే, అసలు చిరునామా 5 × 4096 + 8, అంటే 20488. పుస్తకాన్ని ఏ అరలో పెట్టినా అందులోని 8వ పుట 8వ పుటే కాబట్టి శేషం మారదు.

ఆ పేజీ ర్యామ్‌లో లేదని టేబుల్ చెబితే హార్డ్‌వేర్ ఆ ఇన్‌స్ట్రక్షన్‌ను మధ్యలోనే ఆపి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తుంది. దీన్నే పేజ్ ఫాల్ట్ అంటారు. అది ముందుగా ఆ చిరునామా ఈ ప్రోగ్రాముకు చెందినదేనా అని చూస్తుంది. కాకపోతే సాధారణంగా ప్రోగ్రామునే ముగిస్తుంది. చెందినదే అయితే ఖాళీ ఫ్రేము వెదుకుతుంది, దొరకకపోతే ఉన్న పేజీల్లో ఒకదాన్ని తొలగించి, కావలసిన పేజీని డిస్క్ నుంచి తెచ్చి, టేబుల్ సరిదిద్ది, ఆగిన ఇన్‌స్ట్రక్షన్‌నే మళ్ళీ మొదటి నుంచి నడిపిస్తుంది. విద్యార్థులు ఎక్కువగా మరచిపోయేది ఈ చివరి మెట్టునే. ఒక్క చోట మాత్రం నా పోలిక కుదరదు: పుస్తకం మేడ దిగితే పైన ఉండదు, కానీ పేజీకి డిస్క్‌లో ప్రతి ఉండిపోవచ్చు. అందుకే మార్పు జరగని పేజీని తిరిగి రాయకుండానే తొలగించవచ్చు, మార్పు జరిగినదాన్ని మాత్రం ముందు డిస్క్‌పై రాయాలి.

ఇక థ్రాషింగ్. పరీక్షల ముందు ఒక సాయంత్రం నలుగురు వచ్చి, ఒక్కొక్కరు 5 పుస్తకాలను మార్చి మార్చి అడగసాగారు. కావలసినవి 20, అరలు 12. నేను ఏ పుస్తకం దించినా, దానికోసం పైకి పంపినదాన్ని మరుక్షణం ఇంకొకరు అడిగేవారు. నేను మెట్లెక్కుతూనే ఉన్నాను, ఎవరి చదువూ సాగలేదు. థ్రాషింగ్ అంటే ఇదే. చివరికి గ్రంథపాలకులు ఇద్దరిని కాసేపు బయట కూర్చోమన్నారు. అప్పుడు 10 పుస్తకాలతో సరిపోయి, పని సాగింది. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా కొన్ని ప్రాసెస్‌లను నిలిపి ఇలాగే గట్టెక్కగలదు. అన్నీ డిస్క్ కోసం ఎదురుచూస్తుండటంతో ప్రాసెసర్ ఖాళీగా ఉంది కదా అని కొత్త ప్రాసెస్‌లు చేరిస్తే పరిస్థితి మరింత విషమిస్తుంది.

లినక్స్‌లో దీన్ని గుర్తించడానికి ఈ ఆదేశం ఇవ్వండి:

```
vmstat 1
```

`si` డిస్క్ నుంచి ర్యామ్‌కు వచ్చే పేజీలను, `so` ర్యామ్ నుంచి డిస్క్‌కు వెళ్ళేవాటిని చూపుతాయి; `us` ప్రోగ్రాములు నడిచిన సమయం, `wa` డిస్క్ కోసం ఎదురుచూసిన సమయం. `si`, `so` గడులు రెండింటిలోనూ వరుసగా పెద్ద అంకెలు కనిపిస్తూ, `us` తగ్గి `wa` పెరిగితే థ్రాషింగ్ అని అనుమానించవచ్చు. ఒక్క `so` మాత్రమే అప్పుడప్పుడు కదిలితే కంగారు పడనక్కరలేదు. చాలాసేపుగా ఎవరూ అడగని పేజీలను సిస్టమ్ మేడమీదికి పంపుతోందని అర్థం.