తెల్లవారుజామున తేలే చేపలు

ప్రశ్న: ఎండాకాలం వస్తే చాలు, మా అక్వేరియంలో గోల్డ్‌ఫిష్‌లు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

నిజమే, కానీ సగమే.

పొయ్యి మీద నీళ్లు పెట్టి చూడండి. మరగడానికి చాలా ముందే గిన్నె గోడలకు సన్నటి బుడగలు అంటుకుంటాయి. అది ఆవిరి కాదు, నీళ్లలో కరిగి ఉన్న గాలి. వేడెక్కిన కొద్దీ గాలి అణువులకు చురుకు పెరిగి, నీళ్లు వాటిని పట్టి ఉంచలేవు. లెక్కలో చెప్పాలంటే, మంచినీళ్లు 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర పట్టుకుంటాయి.

ఇక్కడే అందరూ ఆగిపోతారు. ఏడున్నర ఉంటే చేప హాయిగా బతుకుతుంది కదా! ఆ ఒకటిన్నర పోయినంత మాత్రాన చావదు. అసలు సంగతి ఖర్చులో ఉంది. చేప ఒంటి వేడి నీళ్ల వేడే. పది డిగ్రీలు పెరిగితే అది వాడే ఆక్సిజన్ దాదాపు రెట్టింపవుతుంది. అడుగున కుళ్లే మేతను తినే బాక్టీరియాకూ అంతే. రాబడి కొంచెం తగ్గి ఖర్చు రెట్టింపైన ఇల్లు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇది నాకు పుస్తకంలో తెలిసింది కాదు. మాకు కైకలూరు దగ్గర నాలుగెకరాల చేపల చెరువు ఉండేది, బొచ్చె, శీలావతి. ఒక మే నెలలో వారం రోజులు మండే ఎండలు కాసి, తర్వాత రెండు రోజులు మబ్బు పట్టింది. ‘చల్లబడింది, చేపలకు సుఖం’ అన్నాడు నాన్న. రెండో రోజు తెల్లవారుజామున నాలుగింటికి బాబాయ్ గట్టు మీంచి కేక వేశాడు. టార్చి వేసి చూస్తే చెరువంతా గుండ్రటి నోళ్లే, చప్ చప్ మని గుటకలు. ఆక్సిజన్ మీటరు పెడితే లీటరుకు 1.3 మిల్లీగ్రాములే చూపించింది. నీళ్ల వేడి ఇంకా 31 డిగ్రీలు.

మబ్బు పట్టాక చచ్చిపోవడమేమిటని మీకు అనిపించొచ్చు. ఎండ కాసినప్పుడు చెరువులోని పచ్చటి నాచు పగలంతా ఆక్సిజన్ తయారు చేస్తుంది, సాయంత్రానికి మీటరు 11 కూడా చూపిస్తుంది. మబ్బు వేస్తే ఆ తయారీ పడిపోతుంది. ఆ ముందు రోజు సాయంత్రం ఆరింటికి మాకు 6 కూడా లేదు. రాత్రయితే నాచూ, చేపలూ, అడుగు బురదా అన్నీ వాడుకునేవే. వేడి నీళ్లలో గంటకు 0.4 చొప్పున పోయిందనుకోండి, పది గంటల్లో నాలుగు పోతాయి. పొద్దుటికి మిగిలేది చాలా తక్కువ. అందుకే గండం మిట్టమధ్యాహ్నం కాదు, సూర్యోదయానికి ముందు.

ఇంజను వేసి నీళ్లు తోడి చెక్క మీద పడేలా చిమ్మించాం. బోరు నీళ్లయితే చిమ్మించకుండా వదలొద్దు, అందులో ఆక్సిజన్ దాదాపు ఉండదు. పెద్ద బొచ్చెలు ఓ అరవై పోయాయి, చిన్నవి నిలబడ్డాయి. పక్క గుంటలో కొర్రమీనులకు మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు, అవి పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. నాన్న ఇప్పటికీ ఎండనే తిడతాడు. నేను మాత్రం ఆ తవుడు సంచులనే అంటాను. చేపలు తినకపోయినా, లెక్క తప్పకూడదని ఆ మేత సంచులు రోజూ చెరువులో కట్టాం. మిగిలిన తవుడంతా అడుగున కుళ్లి రాత్రి ఆక్సిజన్ తింటోంది. ఆక్సిజన్ మాత్రలు అమ్మే షాపులవాళ్లు ఈ ముక్క మాత్రం చెప్పరు, చెబితే మాత్రలెవరు కొంటారు?

మీ తొట్టికి వస్తే, గాలి లోపలికి దిగేది నీళ్ల పై తలం నుంచే. బుడగల గొట్టం చేసే మేలు ఎక్కువగా ఆ తలాన్ని కదిలించడమే. గుండ్రటి గాజు బౌల్‌లో పైన ఇరుకు, అందులో గోల్డ్‌ఫిష్ పెట్టడం నాకు నచ్చని పని. ఫిల్టరు నీళ్లు పైనుంచి పడేలా తిప్పండి, మూత కొంచెం తెరవండి, ఎండాకాలం మేత సగం చేయండి. ఐసు ముక్కలు గుమ్మరించొద్దు, వేడి ఒక్కసారిగా మారితే మరో తంటా. కరెంటు పోతే గ్లాసుతో ముంచి కాస్త ఎత్తు నుంచి పోయండి, ఆ కాసేపటికి అది చాలు.

ఒక్కటి మాత్రం తేల్చుకోండి. రేపు అయిదింటికి లేచి చూడండి. అప్పుడు గుటకలేసి, పదింటికల్లా మామూలైతే అది ఆక్సిజన్ కొరతే, ముఖ్యంగా తొట్టిలో మొక్కలుంటే. రోజంతా అలాగే ఉండి, మొప్పలు ఎర్రబడితే అమ్మోనియాను అనుమానించాలి. అప్పుడు నీళ్లు శుభ్రంగా కనిపిస్తున్నాయన్న మాటను నమ్మొద్దు, నాలుగో వంతు నీళ్లు మార్చి అమ్మోనియా టెస్ట్ కిట్‌తో చూడండి.