వెళ్లిపోతున్న ఉద్యోగికి రిఫరెన్సు లేఖ: ఏది రాయాలి, ఏది వదలాలి

ప్రశ్న: మా అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ ఇన్‌చార్జి. తన కింద రెండేళ్లు పనిచేసిన టెక్నీషియన్ పెద్ద ఆసుపత్రిలో చేరడానికి రిఫరెన్సు లేఖ అడిగాడు. రక్తం తీయడంలో దిట్ట. కానీ పొద్దుటి షిఫ్టుకు తరచూ ఆలస్యంగా వచ్చేవాడు. ఒకసారి సెలవు విషయంలో సహోద్యోగితో గొడవ పడ్డాడు. ఉన్నదంతా రాస్తే అతని అవకాశం పోతుందని, దాస్తే ఆసుపత్రికి అన్యాయం చేసినట్టవుతుందని రెండు రోజులుగా తేల్చుకోలేకపోతోంది. ఏం రాయమంటారు?
– ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: ఆలస్యాల గురించి అతనికి ఎప్పుడైనా నేరుగా చెప్పిందా అని ముందు మీ అమ్మాయిని అడగండి. రెండేళ్లలో ఒక్కసారి కూడా ప్రస్తావించని లోపం మొదటిసారి రిఫరెన్సు లేఖలో కనిపిస్తే, తప్పు దిద్దుకునే అవకాశమే ఇవ్వకుండా తీర్పు చెప్పినట్టవుతుంది. చెప్పి ఉంటే రాయవచ్చు. చెప్పకపోతే లేఖ రాసే ముందే అతన్ని కూర్చోబెట్టి మాట్లాడాలి.

తర్వాత హాజరు రిజిస్టరు తెరవమనండి. 'తరచూ' అనే మాట మనిషి జ్ఞాపకంలో పెరిగిపోతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు అతను పొద్దుటి షిఫ్టు చేసినవి 80 రోజులు, వాటిలో పావుగంటకు మించి ఆలస్యమైనవి 11 రోజులు. అక్టోబరులో మధ్యాహ్నం షిఫ్టుకు మార్చాక ఒక్కటే. ఈ లెక్క చూశాక 'సమయపాలన లేదు' అన్న మాట తప్పని మీ అమ్మాయికే తెలుస్తుంది. అతని ఇబ్బంది పొద్దున్న ఏడు గంటలకు మాత్రమే ఉంది. అయినా అది చిన్న విషయం కాదు. రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చిన మధుమేహ రోగులు అదే గంటలో రక్తం ఇవ్వడానికి కూర్చుని ఉంటారు. ఆసుపత్రి అతన్ని ఏ షిఫ్టులో వేయాలో నిర్ణయించుకోవడానికి ఈ సంగతి అవసరం. అందుకే దాచకూడదు.

సహోద్యోగితో గొడవ సంగతి వేరు. ఒక్కసారే జరిగింది, రోగులకు దానితో సంబంధం లేదు. వదిలేయాలి. ఇక ఆలస్యానికి ఇంట్లో ఎవరి అనారోగ్యమో కారణమైతే, మంచి ఉద్దేశంతోనే అయినా అతని అనుమతి లేకుండా దాన్ని లేఖలో పెట్టకూడదు. అది చెప్పుకోవాలో వద్దో అతని ఇష్టం.

పొగడ్తకూ ఇదే కొలత. నేను నియామకాల విభాగంలో ఉన్న రోజుల్లో 'కష్టపడి పనిచేస్తాడు, నిజాయితీపరుడు' అన్న వాక్యాలున్న లేఖలను ఎవరమూ పూర్తిగా చదివేవాళ్లం కాదు. అవి ఎవరి గురించైనా రాయవచ్చు. రక్తం సరిగా తీయకపోతే నమూనాలో ఎర్రకణాలు చిట్లి పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, రోగికి మళ్లీ సూది గుచ్చాల్సి వస్తుంది. అతను తీసిన నమూనాల్లో అలా తిరస్కరించినవి ఎన్నో ల్యాబ్ రిజిస్టరులోనే ఉంటుంది. అది రాయమనండి.

లేఖలోని ముఖ్య భాగం ఇలా ఉండవచ్చు:

'రెండేళ్లు నా పర్యవేక్షణలో పనిచేశారు. పసిపిల్లలకు, వృద్ధులకు రక్తం తీయాల్సి వస్తే మేము ముందుగా పిలిచేది ఆయననే. చివరి ఆరు నెలల్లో ఆయన తీసిన నమూనాల్లో కణాలు చిట్లి తిరస్కరించినవి మూడే. ఉదయం ఏడు గంటల షిఫ్టులో నాలుగు నెలల్లో 11 సార్లు ఆలస్యంగా వచ్చారు. మధ్యాహ్నం షిఫ్టుకు మారాక ఆ ఇబ్బంది దాదాపు లేదు.'

ఇందులో అతని స్వభావం గురించి ఒక్క ముక్క కూడా లేదని గమనించండి. రిజిస్టరు చూసి సరిచూసుకోదగిన వాక్యాలే ఉన్నాయి. చట్టపరంగానూ ఇదే క్షేమం. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువు నష్టాన్ని నేరంగా చెబుతూనే, ఇతరుల ప్రయోజనాలను కాపాడేందుకు సద్భావంతో చెప్పిన మాటకు మినహాయింపు ఇచ్చింది. రికార్డు చూసి రాసిన వాక్యానికి ఆ సద్భావాన్ని చూపించుకోవడం సులువు. కోపంతో రాసిన విశేషణానికి అది కష్టం.

సెంటర్ లెటర్‌హెడ్ మీద రాయాలంటే యాజమాన్యం అనుమతి తీసుకోవాలి. కొన్నిచోట్ల తేదీలు, హోదా ఉన్న అనుభవ ధ్రువపత్రం తప్ప మరేదీ ఇవ్వరు. అప్పుడు ఆ మాట అతనికి ముందే చెప్పాలి. లేఖ ఇవ్వగలిగితే, పంపే ముందు అతనికి చూపించాలి. చదివాక 'వద్దు' అంటే ఆ లేఖ పంపకూడదు. అంతేగానీ, ఆలస్యాల వాక్యాన్ని తీసేసి పంపకూడదు.

లేఖ వెళ్లాక ఆసుపత్రి నుంచి ఫోను రావచ్చు. అప్పుడు కొత్త ఫిర్యాదులు గుర్తుకు రాకూడదు, రాసిన దానికే కట్టుబడి ఉండాలి. 'మీరైతే ఇతన్ని మళ్లీ చేర్చుకుంటారా?' అని తప్పకుండా అడుగుతారనే అనుకుని సిద్ధంగా ఉండమనండి. పై లెక్కలే నిజమైతే మీ అమ్మాయి తడుముకోనక్కర లేదు: 'మధ్యాహ్నం షిఫ్టుకైతే రేపే చేర్చుకుంటాను.'