పన్నెండు నరాలకు అవ్వ ఇల్లు చాలు

అమ్ములూ,

నీ మెసేజ్ చూశాను. కపాల నరాలు పన్నెండూ వరసగా చెప్పమంటే మూడు దగ్గరే ఆగిపోతున్నానని, వైవా అంటేనే టెన్షన్‌గా ఉందని రాశావు. మీ సీనియర్లు నేర్పిన ఇంగ్లీషు వాక్యం బాగానే ఉంటుంది కానీ, అది మొదటి అక్షరాలు మాత్రమే ఇస్తుంది. ఆ అక్షరాల్లో మొదటి మూడూ ‘ఓ’లే. తర్వాత రెండు ‘టీ’లు, రెండు ‘ఏ’లు, రెండు ‘వీ’లు ఉన్నాయి. ఏ ‘ఓ’ ముందో ఏ ‘వీ’ వెనకో ఆ వాక్యం చెప్పదు. నువ్వు మూడు దగ్గర ఆగడంలో వింతేమీ లేదు.

నేను అనాటమీ చెప్పినన్నాళ్లూ పిల్లలకు ఇచ్చిన ఉపాయం వేరు. బాగా తెలిసిన చోట ఒక దారి ఎంచుకుని, ఆ దారిలో ఒక్కో మజిలీ దగ్గర ఒక్కో బొమ్మను మనసులో నిలబెట్టాలి. పరీక్షలో ఆ దారి వెంట నడుస్తూ పోతే వరస తప్పదు. దారి ఎంచుకోవడంలోనే సగం పని ఉంది, అక్కడి నుంచే మొదలుపెడతాను.

అలిపిరి మెట్లు వాడుకోవచ్చా అని అడిగావు. వద్దు. మూడున్నర వేల పైచిలుకు మెట్లలో ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ తేడా కనపడదు. పాదాల మండపం, గాలిగోపురం, మోకాళ్ల పర్వతం మాత్రం కళ్లకు కట్టినట్టు గుర్తుంటాయి, కానీ వాటి మధ్య అంతా ఒకే రకం మెట్లు, కప్పు. అక్కడ పెట్టిన బొమ్మ ఎక్కడ పెట్టావో నీకే తెలియదు. పైగా నువ్వు కొండెక్కేది ఏడాదికోసారి. దారి అంటే చీకట్లో కూడా తడుముకోకుండా నడవగలిగినది కావాలి. కొర్లగుంటలో అవ్వ ఇల్లు ఉంది కదా, చిన్నప్పటి నుంచి వేసవి సెలవులన్నీ అక్కడే గడిపావు. అదే తీసుకో.

గేటు దగ్గర మొదలుపెట్టి, ఒకే దిశలో, వెనక్కి తిరగకుండా పోవాలి. ఒకటి గేటు. రెండు తులసికోట. మూడు వరండా మెట్లు. నాలుగు వరండా స్తంభం. అయిదు హాల్లో ఉయ్యాల. ఆరు దేవుడి గది గడప. ఏడు బీరువా. ఎనిమిది వంటింట్లో గ్రైండర్. తొమ్మిది పెరటి తలుపు. పది బట్టలుతికే బండ. పదకొండు కరివేపాకు చెట్టు. పన్నెండు డాబా మీద వాటర్ ట్యాంకు. పదకొండోదిగా డాబా మెట్లు పెట్టాలని నీకు అనిపించవచ్చు. అప్పటికే మూడులో మెట్లున్నాయి, రెండూ కలిసిపోతాయి, అందుకే చెట్టు పెట్టాను. ఒకేలాంటివి రెండు ఒక దారిలో ఉండకూడదు. చోటుకూ చోటుకూ మధ్య కనీసం రెండడుగులు వేసే దూరమూ ఉండాలి. ఒకే బల్ల మీద మూడు చోట్లు పెడితే బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడతాయి.

బొమ్మలు పెట్టకముందే ఈ ఆదివారం అవ్వ దగ్గరికి వెళ్లి నిజంగా ఒకసారి నడువు. ప్రతి చోటా ఆగి తాకి చూడు. తర్వాత కళ్లు మూసుకుని ముందుకి, వెనక్కి, రెండు వైపులా నడవగలిగితే దారి సిద్ధమైనట్టు. అంతవరకూ నరాల జోలికి పోవద్దు.

ఇప్పుడు బొమ్మలు. అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. మూడో నరానికి కన్ను, నాలుగో నరానికి కన్ను, ఆరో నరానికీ కన్ను పెట్టుకుంటారు. మూడూ కంటిని తిప్పే కండరాలవే కాబట్టి పని చూసి బొమ్మ గీస్తే మూడూ ఒకటే అవుతాయి. ‘కంటిది ఏదో’ అని నోట్లో ఆడుతుంది, పేరు రాదు. అందుకని బొమ్మ ముందు పేరును పలికించాలి, పని దాని వెనకాల రావాలి.

ఒకటి ఆల్ఫాక్టరీ. గేటు స్థానంలో అగరబత్తుల ఫ్యాక్టరీ, దాని పొగగొట్టం పెద్ద ముక్కు. రెండు ఆప్టిక్. తులసికోట నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఆప్టికల్స్ షాపు బోర్డు పట్టుకుంది. మూడు ఆక్యులోమోటార్. వరండా మెట్ల మీద పెద్ద కన్నున్న నీళ్ల మోటారు దొర్లుతోంది. మోటారు కాలిపోయింది, కనురెప్ప వాలిపోయింది, కనుపాప విప్పారి, కన్ను కిందికీ బయటికీ చూస్తోంది. ఆ నరం దెబ్బతింటే రోగిలో కనిపించేది సరిగ్గా ఇదే, కాబట్టి ఈ బొమ్మను తీరిగ్గా చూడు.

మోటారును బోరు దగ్గర పెట్టాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది. పెట్టకు. బోరు దగ్గర మోటారు రోజూ ఉండేదే, మనసుకు అందులో కొత్తేమీ కనపడదు, నడిచేటప్పుడు పట్టించుకోకుండా దాటిపోతావు. నాలుగోదీ అంతే. ట్రోక్లియార్ నరం నడిపే కండరం స్నాయువు కంటి గూట్లో ఒక గిలకలాంటి దాని గుండా తిరిగి వెళ్తుంది. అవ్వ బావి మీద గిలక ఉంది కదా అని అక్కడ పెడితే అది బావిలో కలిసిపోతుంది. వరండా స్తంభానికి గిలక కట్టి, సన్నటి తాడుతో, స్తంభం వెనక నుంచి, కంటిని కిందికి లాగు. సన్నటి తాడు ఎందుకంటే పన్నెండిటిలో ఇదే అన్నిటికన్నా సన్నది, వెనక నుంచి ఎందుకంటే మెదడు కాండం వెనక వైపు నుంచి బయటికొచ్చేది ఇదొక్కటే.

అయిదు ట్రైజెమినల్. ఉయ్యాల మీద మూడు జెమిని టీవీలు వరసగా కూర్చున్నాయి. పై దాంట్లో నుదురు, కన్ను, మధ్య దాంట్లో పైదవడ, కింది దాంట్లో కిందిదవడ. కింది టీవీ ఒక్కటే వేరుశనక్కాయలు నములుతోంది, నమిలే కండరాలకు పోయేది ఆ శాఖే కాబట్టి. ఆరు అబ్డ్యూసెన్స్. గడప దగ్గర ఒక రౌడీ కంటిని చెవి వైపుకి, బయటికి లాక్కుపోతున్నాడు, సినిమా కిడ్నాప్‌లా. లోపలున్న దేవుళ్లను బొమ్మల్లోకి దింపకు, అవ్వకు తెలిస్తే నాకే తిట్లు. ఏడు ఫేషియల్. బీరువా తలుపే ముఖం, ఫేషియల్ క్రీము రాసుకుని ఉంది, ఒక పక్క జారిపోయి నోరు వంకరపోయింది.

ఎనిమిది వెస్టిబ్యులోకాక్లియర్, పలకడమే కష్టం. గ్రైండర్లో బనియన్, అంటే వెస్ట్, వేసుకున్న నత్త చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని గిరగిరా తిరుగుతోంది. వినికిడీ, తల తిరగడమూ రెండూ అందులో వచ్చాయి, నత్త ఆకారం లోపలి చెవిలోని కాక్లియాది. తొమ్మిది గ్లాసోఫారింజియల్. పెరటి తలుపుకి పెద్ద గొంతు, అందులో నాలుక వెనక భాగం దగ్గర స్టీలు గ్లాసు అడ్డం పడింది.

పదో నరం వేగస్ దగ్గర కాస్త ఆగు. వినగానే ‘వేగం’ అనిపిస్తుంది, బండ మీద బస్సు దూసుకుపోతున్నట్టు పెట్టుకుంటారు. కానీ వేగస్ గుండెను నెమ్మదింపజేస్తుంది. పేరు దొరికినా పని తిరగబడుతుంది, వైవాలో నోటికి వచ్చేది ఆ బస్సే. కాబట్టి వేగులవాడిని పెట్టుకో. బండ మీద ముసుగేసుకున్న వేగులవాడు గొంతులోంచి దిగి, గుండె మీద ‘మెల్లగా’ అని చెయ్యేసి, కడుపు దాకా తిరిగొస్తున్నాడు. అంత దూరం తిరిగే కపాల నరం మరొకటి లేదు.

పదకొండు యాక్సెసరీ. కరివేపాకు చెట్టుకి భుజాలొచ్చి, ఫ్యాన్సీ షాపు హ్యాండ్‌బ్యాగులు తగిలించుకుని ఎగరేస్తోంది. పన్నెండు హైపోగ్లాసల్. ట్యాంకు మీద దిష్టిబొమ్మ నాలుక బయట పెట్టింది, నాలుక కింద గ్లాసు బోర్లించి ఉంది. గొంతులో గ్లాసయితే తొమ్మిది, నాలుక కింద గ్లాసయితే పన్నెండు. నాలుక ఒక పక్కకి తిరిగి ఉండనీ, దెబ్బతిన్న నరం ఏ పక్కదైతే చాపిన నాలుక ఆ పక్కకే వంగుతుంది.

నా బొమ్మలు నీకు అంటకపోతే మార్చెయ్. నువ్వు కల్పించుకున్నది వికారంగా ఉన్నా నీకే బాగా నిలుస్తుంది.

వైవాలో వరసగా అడగరు, ‘ఏడోది చెప్పమ్మా’ అంటారు. ఒకటి నుంచి నడుచుకుంటూ వస్తే ఆలస్యం. రెండు వేల ఏళ్ల కిందటే రోమన్ వక్తలు అయిదో చోట బంగారు చెయ్యి ఉన్నట్టు ఊహించుకునేవాళ్లు. నువ్వు ఉయ్యాల మీద పసుపు చేతి ముద్ర వెయ్యి, బండకి పది రూపాయల నోటు అంటించు. ఏడంటే చేతి ముద్ర తర్వాత రెండో చోటు, తొమ్మిదంటే నోటుకి ఒక చోటు వెనక.

పేర్లు గట్టిపడ్డాక, అంతకు ముందు కాదు, ఏది ఇంద్రియ నరం, ఏది చాలక నరం అన్నది చేర్చు. కొత్త బొమ్మలు అక్కర్లేదు. ఇంద్రియ నరాలకు పసుపు పుయ్యి: ఒకటి, రెండు, ఎనిమిది. రెండు పనులూ చేసే అయిదు, ఏడు, తొమ్మిది, పదికి పసుపూ కుంకుమా రెండూ. మిగిలిన అయిదింటికీ కుంకుమ. ఏ రంధ్రం గుండా ఏ నరం బయటికొస్తుందో కూడా ఇందులోనే ఇరికించకు, ఇల్లు సంత అయిపోతుంది. దానికి పుర్రె చేత్తో పట్టుకుని చూడటమే దారి.

నేర్చుకున్న రాత్రి ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి, మూడు రోజులకు, వారానికి నడువు, పుస్తకం మూసే. ఎక్కడ ఆగావో చూసుకుంటే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. చోటు కనిపించి ఖాళీగా ఉంటే బొమ్మ అక్కడి సామాన్లలో కలిసిపోయింది, దాన్ని పెద్దది చెయ్యి, కదిలించు. బొమ్మ కనిపించి పేరు రాకపోతే ధ్వని కుదరలేదు, బొమ్మ మార్చు. చోటే దాటిపోతే అది పక్కదానికి మరీ దగ్గరగా ఉందన్నమాట, దారి మార్చు. ఊరికే మళ్లీ మళ్లీ చదవడం ఈ మూడింటిలో దేనికీ మందు కాదు.

ఇంకోటి. వచ్చే వారం మణికట్టు ఎముకలు ఎనిమిదీ ఇదే ఇంట్లో పెట్టకు. పాత నత్త, కొత్త ఎముక ఒకేసారి గ్రైండర్లో కనపడతాయి. వాటికి హాస్టల్ నుంచి కాలేజీకి రోజూ నడిచే దారి వాడుకో. మీ తమ్ముడు గ్రూప్స్‌కి నదులు అడుగుతున్నాడట, వాడికీ వేరే దారే. పైనుంచి కిందికి వంశధార, నాగావళి, గోదావరి, కృష్ణ, పెన్న, స్వర్ణముఖి అని సముద్రం వెంట దిగే వరసకి ఒక వీధి చాలు. ఉపనదులు కావాలంటే నదికో వీధి తీసుకుని, ఎడమ ఒడ్డువి వీధికి ఎడమ పక్క ఇళ్లలో, కుడి ఒడ్డువి కుడి పక్క ఇళ్లలో పెట్టుకోమను. నది ప్రవహించే వైపే వాడూ నడవాలి, లేకపోతే ఎడమ కుడి తారుమారవుతాయి.

శుక్రవారం రాత్రి ఫోన్ చెయ్యి. పన్నెండు నుంచి వెనక్కి అడుగుతాను, మధ్యలో ‘ఆరు పసుపా కుంకుమా’ అంటాను.

చిత్తూరు నుంచి
మీ పెద్దనాయన