రీల్ పంపితే చూసి వదిలేస్తున్నారు: స్టూడియో ఓనర్‌కి మెసేజ్ ఎలా రాయాలి?

ప్రశ్న: బీకాం అయ్యాక ఎడిటింగ్ నేర్చుకుని బెంగళూరు వచ్చాను, మారతహళ్లిలో ఉంటున్నాను. చిన్న వెడ్డింగ్ స్టూడియోలకు వాట్సాప్‌లో మూడు నిమిషాల షోరీల్, రెజ్యూమె పంపుతున్నాను. బ్లూ టిక్స్ పడుతున్నాయి కానీ జవాబు రావడం లేదు. మెసేజ్‌లో ఏం మార్చాలి?

జవాబు: ముందు రీల్‌ని మార్చండి. ఇద్దరు ముగ్గురితో నడిచే స్టూడియోలో ఓనరే కెమెరా పడతాడు, ఆల్బమ్ డిజైన్ చూస్తాడు, కస్టమర్ ఫోన్లూ ఎత్తుతాడు. ఆయన మూడు నిమిషాలు కూర్చుని చూడడు. 45 సెకన్లు చాలు. అదీ ఒకే పెళ్లిలోని ఒకే ఘట్టం అయితే మంచిది. పది పెళ్లిళ్ల నుంచి అందమైన షాట్లు ఏరి పాటకు అతికిస్తే, ఆ అందం కెమెరామన్‌ది. ఎడిటర్ పనితనం అందులో తెలియదు.

జీలకర్ర బెల్లం ఘట్టం తీసుకోండి. రెండు కెమెరాల ఫుటేజ్ ఉండాలి. ముహూర్తానికి గట్టిమేళం అందుకునే క్షణంలోనే వధూవరుల చేతుల క్లోజప్‌కి కట్ పడాలి. కట్ అరసెకను ఆలస్యమైనా పెళ్లిళ్లు తీసేవాళ్లకు తెలిసిపోతుంది. అక్కడ సినిమా పాట ఆపి, అసలు మేళం శబ్దాన్ని పది సెకన్లు వినిపించండి. రెండు కెమెరాల్లో చర్మం రంగు ఒకేలా ఉందో లేదో కూడా ఆయన చూస్తాడు. స్లో మోషన్ దగ్గర ఇంకో తప్పు దొరుకుతుంది: 25 ఫ్రేముల్లో తీసిన క్లిప్‌ని అదే 25 టైమ్‌లైన్‌లో సగం వేగానికి తగ్గిస్తే ప్రతి ఫ్రేమూ రెండుసార్లు వచ్చి, తలంబ్రాలు కుదుపుతో పడతాయి. 50లో తీసిన క్లిప్‌నే సగానికి తగ్గించండి.

ఫుటేజ్ ఎవరిదన్నది కూడా ముఖ్యమే. పాత స్టూడియో హార్డ్ డిస్క్ నుంచి అడక్కుండా తెచ్చుకున్నది వాడకండి. రేపు మా ఫుటేజ్ కూడా ఇలాగే బయటికి పోతుందని ఓనర్ అనుకుంటాడు. బంధువుల పెళ్లిదైతే, ఆ కుటుంబాన్నీ తీసినవాళ్లనూ అడిగి వాడుకుని, ఆ మాట మెసేజ్‌లో రాయండి.

వీడియోని వాట్సాప్‌లో నేరుగా పంపితే కంప్రెస్ అయి, మీరు కష్టపడి చేసిన కలర్ పాడవుతుంది. డ్రైవ్ లింక్ ఇవ్వండి. షేరింగ్‌లో Anyone with the link పెట్టి, మీ అకౌంట్ లేని ఇంకో ఫోన్‌లో తెరిచి చూసుకోండి. అక్కడ Request access అని వస్తే ఓనర్‌కీ అదే వస్తుంది, ఆయన మిమ్మల్ని అనుమతి అడుగుతూ కూర్చోడు. అప్‌లోడ్ చేసిన వెంటనే కూడా పంపొద్దు. ప్రాసెసింగ్ అయ్యేదాకా వీడియో ప్లే కాకపోవచ్చు, మసగ్గానైనా కనిపించవచ్చు.

ఇప్పుడు మెసేజ్. ఇలా ఉండొచ్చు:

"నమస్తే సర్. నేను వీడియో ఎడిటర్‌ని, మారతహళ్లిలో ఉంటాను. మీ పేజీలో పోయిన వారం పెట్టిన హల్దీ రీల్ చూశాను, అందులో లైవ్ సౌండ్ ఉంచిన తీరు నచ్చింది. జీలకర్ర బెల్లం ఘట్టం మీద నేను చేసిన 45 సెకన్ల శాంపిల్ ఇది: (లింక్). ఫుటేజ్ మా బంధువులది, వాళ్లనూ తీసినవాళ్లనూ అడిగే వాడాను. కట్, కలర్, సౌండ్ నావే. మీరు డెలివరీ ఇచ్చేసిన ఏదైనా పెళ్లి నుంచి 15 క్లిప్పులు ఇస్తే, మీ స్టైల్‌లో 30 సెకన్ల రీల్ రెండు రోజుల్లో ఉచితంగా చేసిస్తాను. పెన్‌డ్రైవ్‌తో నేనే వచ్చి తీసుకుంటాను. పని అయ్యాక క్లిప్పులు డిలీట్ చేస్తాను."

"డెలివరీ ఇచ్చేసిన" అన్నది కావాలనే రాశాను. పెండింగ్‌లో ఉన్న పెళ్లి ఫుటేజ్‌ని కొత్తవాడి చేతిలో పెట్టడానికి ఓనర్ జంకుతాడు. అయిపోయినదైతే ఆ భయం తక్కువ, పైగా తన ఎడిట్ పక్కన మీది పెట్టి పోల్చుకోగలడు. హల్దీ రీల్ గురించి రాసిన వాక్యం మాత్రం ఒక్కో స్టూడియోకి వేరుగా, నిజంగా చూసి రాయాలి. కాపీ చేసి అందరికీ పంపితే ఇట్టే దొరికిపోతారు. రెజ్యూమె అడిగితేనే పంపండి.

ముహూర్తాలున్న రోజుల్లో, శని ఆదివారాల్లో పంపొద్దు, వాళ్లు మండపంలో ఉంటారు. మంగళ, బుధవారాల్లో పదకొండు గంటలప్పుడు పంపండి. ఆషాఢంలో మన పెళ్లిళ్లు ఉండవు కాబట్టి, అప్పుడే చాలా స్టూడియోలు పేరుకుపోయిన పాత ఎడిటింగ్ తీస్తాయి. అది మీకు మంచి అదను. జవాబు రాకపోతే ఐదారు రోజులకు ఒకే ఒక్కసారి, "సర్, శాంపిల్ చూడటం వీలైందా?" అని అడిగి ఆగిపోండి.

కొందరు ఉచిత శాంపిల్ అనగానే పూర్తి పెళ్లి వీడియో చేసిపెట్టమంటారు. "30 సెకన్లు, ఒకసారి మార్పులు ఉచితం సర్. ఆ పైన పనికి రేటు మాట్లాడుకుందాం" అని మర్యాదగా రాయండి. దానికి మాట ఆపేసే ఓనర్ దగ్గర తర్వాత డబ్బు వసూలు చేయడమూ కష్టమే, ఆ పేరు కొట్టేసి ఇంకో స్టూడియోకి పంపండి.