సిమ్ మార్చాక బ్యాంకు ఓటీపీ రావట్లేదు, లేట్ ఫీజు నేనే కట్టాలా?

ప్రశ్న: సర్, పాత సిమ్ పాడైతే 3వ తారీఖు సాయంత్రం అదే నంబరు మీద కొత్త సిమ్ తీసుకున్నా. అప్పట్నుంచి బ్యాంకు యాప్ లాగిన్ ఓటీపీ రావట్లేదు, మామూలు మెసేజ్‌లు ఒకటి రెండు రోజుల తర్వాత మొదలయ్యాయి. క్రెడిట్ కార్డు బిల్లుకి 5 ఆఖరు, చివరికి 11న బ్రాంచికెళ్లి కట్టా. లేట్ ఫీజు వేశారు. నాకు డీఎన్‌డీ ఉంది, అందుకేనా? కేసు వేయొచ్చా?

జవాబు: ముందు డీఎన్‌డీ భయం తీసేసుకోండి. అది ప్రకటనల మెసేజ్‌లకే, బ్యాంకు ఓటీపీని అది ఆపదు.

మొదటి రోజు సంగతి వేరు. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఆ నంబరుకి ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు కూడా, ఇది ప్రభుత్వమే పెట్టించిన నిబంధన, ఎవరైనా మీ పేరుతో దొంగ సిమ్ తీసుకుని ఖాతా ఖాళీ చేయకుండా. యూపీఐ యాప్ కొత్తగా సెట్ చేసేటప్పుడు మీ ఫోన్ నుంచే ఒక మెసేజ్ పోవాలి కదా, అదీ ఆగేది అందుకే. అంటే 4వ తారీఖు సాయంత్రం దాకా ఆగినదానికి బ్యాంకునీ అనలేం, సిమ్ కంపెనీనీ అనలేం. (మీరు సిమ్ మార్చకుండానే సిగ్నల్ పోయి ఓటీపీలు ఆగితే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా బ్యాంకుకి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, అది సిమ్ స్వాప్ మోసం కావచ్చు.)

అసలు గొడవ 5 నుంచి 11 దాకా. బ్యాంకు ఓటీపీ నేరుగా మీకు రాదు, మెసేజ్‌లు పంపే ఏజెన్సీ ద్వారా సిమ్ కంపెనీకి వెళ్తుంది, అక్కడ పంపినవాళ్ల పేరు, మెసేజ్ నమూనా ముందే రిజిస్టర్ అయి ఉన్నాయా అని సరిచూస్తారు, తేడా ఉంటే అక్కడే పడేస్తారు, మీకు తెలియను కూడా తెలియదు. 2021 మార్చి 8న ఈ తనిఖీ గట్టిగా మొదలెట్టగానే దేశమంతా ఓటీపీలు ఆగిపోయాయి, మర్నాడే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాన్ని ఏడు రోజులు వాయిదా వేసింది. కానీ అలాంటి లోపమైతే ఆ బ్యాంకు కస్టమర్లు చాలామందికి ఆగుతుంది. మీ ఇంట్లో అదే బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకి వస్తోందా అడగండి. వాళ్లకి వచ్చి మీకొక్కరికే రాకపోతే బ్యాంకు దగ్గర నంబరు తప్పుగా ఉందేమో, లేకపోతే మీ ఫోనే పక్కన పెడుతోందేమో చూడాలి.

ఫోన్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఒక క్లయింటు నోటీసు ఇవ్వాలని వస్తే ఆయన ఫోన్ నా టేబుల్ మీదే పెట్టి చూశాం, మెసేజ్‌ల యాప్‌లో "Spam & blocked" అనే చోట చివర -T ఉన్న పేరుతో ఓటీపీలన్నీ వరసగా కూర్చున్నాయి, ఎప్పుడో పొరపాటున బ్లాక్ నొక్కేశారు. నోటీసు అక్కడే ఆపేశాం. మీరు సిమ్ తీసి మామూలు బటన్ ఫోన్‌లో వేసి ఓటీపీ అడగండి. అందులో వస్తే తప్పు ఫోన్‌దే.

దాంట్లోనూ రాకపోతే బ్యాంకుకి ఈమెయిల్ పెట్టండి, 4 నుంచి 11 దాకా మీ నంబరుకి పంపిన ఓటీపీలు ఏ టైంకి పంపారు, చేరినట్టు రిపోర్టు వచ్చిందా, ఏ నంబరుకి పంపారు అని. అసలు పంపకపోయినా, తప్పు నంబరుకి పంపినా తప్పు బ్యాంకుది. పంపారు కానీ సిమ్ కంపెనీ దగ్గర ఆగిందని వస్తే సిమ్ కంపెనీలో ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోండి, తేలకపోతే వాళ్ల అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు. టెలికాం మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లకూడదనే వాదన ఉండేది, 2022లో సుప్రీంకోర్టు వెళ్లొచ్చని తేల్చేసింది.

ఇప్పుడు లేట్ ఫీజు. డ్యూ డేటు దాటాక మూడు రోజులు మించితేనే లేట్ ఫీజు వేయాలని ఆర్బీఐ కార్డు నిబంధనల్లో ఉంది, అంటే 8 దాకా కట్టుంటే ఫీజు అడగడానికి వీల్లేదు. మీరు 11న కట్టారు కాబట్టి, ఓటీపీ రాలేదన్న ఒక్క మాటతో ఫీజు పోదు, బ్రాంచికి 6న ఎందుకు వెళ్లలేదని అడుగుతారు, దానికి జవాబు సిద్ధంగా ఉండాలి. 5వ తారీఖు నుంచి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసిన రికార్డు, స్క్రీన్‌షాట్‌లు ఉంటే మీ మాటకి బలం వస్తుంది. అవి జత చేసి ఫీజు వెనక్కివ్వమని బ్యాంకుకి రాతపూర్వకంగా ఇవ్వండి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా cms.rbi.org.in లో ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, లాయర్ అవసరం లేదు. ఇంత చిన్న మొత్తానికి నేనైతే కమిషన్ కేసు ముందే వేయమనను, ఆ పంపిన రిపోర్టు చేతికొచ్చాకే ఎవరి మీద వేయాలో తెలుస్తుంది.