బోరు ఇచ్చేంతే మోటారు తోడుతుంది, అప్పు కూడా అంతవరకే

ప్రశ్న: నాకు రెండెకరాలుంది. డ్రిప్ మీద కూరగాయలు వేస్తాను. ఇప్పుడు డీజిల్ జనరేటర్‌తో బోరు మోటారు నడుపుతున్నాను, ఖర్చు తట్టుకోలేకపోతున్నాను. సోలార్ పంపుకి ఒకరు 3 హెచ్‌పీ చాలంటున్నారు. ఇంకొకరు ‘పెద్దది ఉంటే ఎప్పటికైనా పనికొస్తుంది’ అని 5 హెచ్‌పీ తీసుకోమంటున్నారు. ఏదైనా అప్పు చేసే కొనాలి. ఎండాకాలంలో మోటారు నడిచేటప్పుడు బోరులో నీళ్లు 33 మీటర్లకు దిగుతాయి. ఏది తీసుకోమంటారు?

జవాబు: 3 హెచ్‌పీ తీసుకోండి. అయితే అడ్వాన్స్ ఇచ్చేముందు బోరును ఒక్కసారి కొలిచి చూడాలి. ఎందుకో లెక్కతో చెబుతాను, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ముందు నీళ్లు. రెండెకరాలంటే సుమారు 8,000 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. ఎండలు బాగా ఉన్నప్పుడు, ఎదిగిన కూరగాయల పంటకు రోజుకు 5 మిల్లీమీటర్లు కావాలనుకుందాం. అంటే 40,000 లీటర్లు. డ్రిప్‌లో కూడా పదో వంతు వృథా పోతుంది కాబట్టి 45,000 వేసుకోండి. మీ దగ్గర వడగాలులు ఎక్కువైతే 6, 7 మిల్లీమీటర్లు కూడా కావచ్చు. అప్పుడు కింది లెక్కంతా అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

తర్వాత ఎత్తు. చాలామంది ఇక్కడ బోరు మొత్తం లోతు వేసేస్తారు. పంపుకి ఆ లోతుతో పని లేదు, నడిచేటప్పుడు నీళ్లు ఎక్కడ నిలబడతాయన్నదే ముఖ్యం. మీరు ఆ 33 మీటర్లే చెప్పారు, సంతోషం. దానికి బోరు దగ్గర్నుంచి పొలం ఎత్తు 2 మీటర్లు, పైపుల్లో రాపిడికి 3, డ్రిప్ లైన్లు, ఫిల్టరు పనిచేయడానికి కావలసిన ఒత్తిడికి 12 కలపండి. మొత్తం 50 మీటర్లు. పంపుల వాళ్లు దీన్నే హెడ్ అంటారు. ఆ 2, 3 మీటర్లు నా అంచనా, మీ పొలంలో కొలిచి మార్చుకోండి.

ఇప్పుడు కరెంటు. వెయ్యి లీటర్లను ఒకటిగా లెక్కేసి, దాన్ని ఎత్తుతో గుణించి 367తో భాగిస్తే ఎన్ని యూనిట్ల పనో వస్తుంది. 45ని 50తో గుణించి 367తో భాగిస్తే 6.1 యూనిట్లు. కానీ ఈ సైజు పంపు, మోటారు కలిసి తీసుకున్న కరెంటులో సగం కూడా నీళ్లుగా మార్చవు. 45 శాతం వేసుకుంటే 13.6 యూనిట్లు కావాలి. ప్యానెళ్లు వేడెక్కడం, దుమ్ము, వైర్లు కలిసి ఇంకో 20 శాతం తినేస్తాయి. కాబట్టి ప్యానెళ్ల మీద రాసి ఉన్న సామర్థ్యం ప్రకారం రోజుకు 17 యూనిట్లు రావాలి.

ఎండ గంటల దగ్గర జాగ్రత్త. పగలు పన్నెండు గంటలుంటుంది కదా అని 12 వేయకూడదు. ఉదయం, సాయంత్రం పడే ఏటవాలు ఎండను కూడా నిండు మధ్యాహ్నపు ఎండతో సమానం చేసి ఎన్ని గంటలవుతుందో చూడాలి. NASA POWER అనే ఉచిత వెబ్‌సైట్‌లో మీ ఊరికి నెలవారీ లెక్క దొరుకుతుంది. అందులో ఎండ బాగా కాసే నెల కాదు, నీళ్ల అవసరంతో పోలిస్తే ఎండ తక్కువగా ఉండే నెల చూసుకోవాలి. ఆ నెలలో 5.5 గంటలనుకుంటే, 17ను 5.5తో భాగిస్తే 3.1 కిలోవాట్ల ప్యానెళ్లు. 3 హెచ్‌పీ పంపుకి మామూలుగా అమర్చేది కూడా దాదాపు అంతే.

ఇక 5 హెచ్‌పీ సంగతి. దానికి దాదాపు 5 కిలోవాట్ల ప్యానెళ్లు వస్తాయి. నిండు ఎండలో, అదే 50 మీటర్ల ఎత్తుకి, గంటకు 13,000 లీటర్లు లాగుతుంది. మీ బోరు అన్ని నీళ్లు ఇస్తుందా? అది తెలుసుకోవడానికి ఎండలు ముదిరిన రోజున జనరేటర్ మీదే మోటారును నాలుగైదు గంటలు ఆపకుండా నడపండి. ఆ తర్వాత 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి, అదే సమయంలో బోరులో నీటిమట్టం ఇంకా దిగుతోందా, నిలబడిందా అన్నది కూడా. నిలబడి ఉండగా 75 సెకన్లు పట్టిందంటే బోరు గంటకు 9,600 లీటర్లు ఇస్తున్నట్టు. మట్టం దిగుతూనే ఉంటే, వాల్వు కొంచెం బిగించి, అది నిలబడేదాకా చూసి మళ్లీ కొలవండి.

9,600 ఇచ్చే బోరులో 3 హెచ్‌పీ పంపు గంటకు 8,200 తోడుతూ హాయిగా నడుస్తుంది. 5 హెచ్‌పీ పంపు పదకొండు దాటాక నీళ్లు అందక గాలి లాగుతుంది. నీళ్లు అందనప్పుడు ఆపే రక్షణ ఉంటే, ప్యానెళ్ల కరెంటును మోటారుకి అందించే కంట్రోలర్ దాన్ని ఆపేస్తుంది, లేకపోతే మోటారు కాలిపోవచ్చు. నా దగ్గరకు వచ్చిన ఒక రైతుకి అచ్చంగా ఇదే జరిగింది. ఉదయం బాగా పోస్తుంది, మధ్యాహ్నం ఆగి ఆగి నడుస్తుంది, సాయంత్రం మళ్లీ పోస్తుంది. ప్యానెళ్లు పాడయ్యాయనుకుని ఆయన రెండుసార్లు మెకానిక్‌ను పిలిపించాడు. ప్యానెళ్లలో ఏ లోపమూ లేదు, మోటారే బోరుకి మించిపోయింది. కిస్తీలు మాత్రం పెద్ద మోటారుకే కడుతున్నాడు. ఆయన టెన్షన్ చూశాక, ఈ విషయం ఎవరడిగినా ఇంత వివరంగా చెప్పడం అలవాటైంది.

డబ్బు పరంగా అసలు మాట ఇదీ. సోలార్ వల్ల మీకు మిగిలేది డీజిల్ ఖర్చు. ఆ 45,000 లీటర్లు 3 హెచ్‌పీ తోడినా 5 హెచ్‌పీ తోడినా మిగిలే డీజిల్ ఒక్కటే. పైన ఉన్న ఆ 2 హెచ్‌పీకి చేసే అప్పు ఒక్క రూపాయి కూడా తిరిగి తేదు. ధైర్యం కోసం కొంచెం మిగులు కావాలంటే మోటారు పెంచకండి, కంట్రోలర్ ఒప్పుకునేంతవరకు ప్యానెళ్లు పెంచండి. ఉదయం పంపు త్వరగా మొదలై సాయంత్రం ఆలస్యంగా ఆగుతుంది, మధ్యాహ్నం బోరు మీద భారం మాత్రం పెద్దగా పెరగదు. మబ్బు రోజుల కోసం బ్యాటరీలు కూడా వద్దు, ముందురోజు నేలలో ఇంకిన తడి ఒకటి రెండు రోజులు పంటను కాపాడుతుంది. ఇసుక నేలైతే చిన్న తొట్టి కట్టుకోవచ్చు.

అప్పు పరిమాణం తేల్చడానికి, పోయిన ఏడాది ఎన్ని లీటర్ల డీజిల్ పోశారో నెలవారీగా రాయండి. నీళ్లు పెట్టని నెలల్లో మిగిలేదేమీ ఉండదు, కానీ కిస్తీ మాత్రం వస్తుంది. కాబట్టి నెలకో కిస్తీ కాకుండా పంట చేతికొచ్చినప్పుడు కట్టేలా అడగండి. ప్యానెళ్లు 20 ఏళ్లు దాటినా పనిచేస్తాయి, కంట్రోలర్, మోటారు అన్నాళ్లు రావు. అప్పు గడువు కంట్రోలర్ వారంటీ దాటకుండా చూసుకోండి, లేకపోతే పాతదాని కిస్తీ కడుతూనే కొత్తది కొనాల్సి వస్తుంది.

కొటేషన్‌లో గరిష్ఠ ఎత్తు ఇంత, గరిష్ఠ నీళ్లు ఇన్ని అని రెండు పెద్ద అంకెలు ఉంటాయి. ఆ రెండూ ఒకేసారి ఎప్పటికీ రావు, గరిష్ఠ ఎత్తు దగ్గర నీళ్లు సున్నా. ‘50 మీటర్ల ఎత్తుకి, 5.5 గంటల ఎండకి, రోజుకు ఎన్ని లీటర్లు?’ అని అడిగి, జవాబును కాగితం మీద సంతకంతో తీసుకోండి. అది 45,000కు తగ్గితే ఆ పంపు మీకు సరిపోదు, ఎన్ని హెచ్‌పీ అని రాసి ఉన్నా సరే.