అసైన్‌మెంట్‌లో ఏఐ 68 శాతం అని మెయిల్ వచ్చింది, ఒప్పేసుకోమనాలా?

మేడం గారు నమస్తే. మేము కూకట్‌పల్లిలో ఉంటాం. మా బాబు ఇంగ్లండ్‌లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఎంఎస్సీ చేస్తున్నాడు. 2,500 పదాల రిపోర్ట్ ఇస్తే టర్నిటిన్ అనే కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో ఏఐ 68 శాతం వచ్చిందని మీటింగ్‌కి పిలిచారు. వాడేమో నేనే రాశాను అంటున్నాడు. కన్సల్టెన్సీ ఆయన ఒప్పేసుకుంటే తక్కువలో పోతుంది అంటున్నాడు. మా బావమరిది కొడుకు అప్పట్లో అన్నీ డబ్బులిచ్చి రాయించుకుని డిగ్రీ తెచ్చుకున్నాడు, వాడికేం కాలేదు, మావాడికే ఎందుకిట్లా? అప్పటి కేసులకీ ఇప్పటి కేసులకీ తేడా ఏంటి?

సార్, ముందు ఆ ఒప్పుకునే మెయిల్ ఆపించండి, తేడా సంగతి తర్వాత చూద్దాం. వాడు నిజంగా ఏఐతో రాయించి ఉంటే ఒప్పుకోవాలి, అందులో రెండో మాట లేదు. కానీ రాయించకుండానే భయంతో ఒప్పుకుంటే అది వాడి రికార్డులో ఎక్కుతుంది, రేపు ఇంకో సబ్జెక్టులో ఇట్లాంటి నంబరే వస్తే అది రెండో తప్పు అవుతుంది, ఒప్పుకున్నదాని మీద తర్వాత అప్పీల్ చేయడం కూడా చాలా కష్టం. మీ అసలు భయం లోను, వీసా అని నాకు తెలుసు. ఆరోపణ వచ్చినంత మాత్రాన వీసా పోదు, యూనివర్సిటీ కోర్సులోంచి తీసేస్తే వాళ్ళు వీసాలు చూసే హోం ఆఫీస్‌కి చెప్తారు. మొదటిసారి ఒక్క అసైన్‌మెంట్ దగ్గర తప్పు రుజువైనా చాలా చోట్ల ఆ పేపర్ మళ్ళీ రాయించి, పాస్ మార్కుల దగ్గర ఆపేస్తారు. కచ్చితంగా ఏముంటుందో వాళ్ళ రూల్స్‌లో రాసి ఉంటుంది, అది తెరిచి చదవమనండి.

ఇక మీ బావమరిది కొడుకు విషయం. కొన్న వ్యాసాన్ని టర్నిటిన్ అప్పట్లో సాధారణంగా పట్టుకునేది కాదు. అది చూసేది ఇంకెక్కడైనా ఇదే రాత ఉందా అని, ఆర్డర్ మీద కొత్తగా రాయించిందైతే ఎక్కడా ఉండదు కదా. మాస్టారుకి డౌట్ వచ్చినా చేతిలో ఏమీ ఉండదు, అందుకే చాలామంది వదిలేసేవాళ్ళు. కానీ ఒకసారి దొరికితే మాత్రం దొరికేది గట్టి సాక్ష్యం. చాలా ఏళ్ళ కిందట నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి కేసు చెప్తా. 3,000 పదాల ఫైల్ ఇచ్చాడు, వర్డ్‌లో File, తర్వాత Info నొక్కితే Author దగ్గర ఎవరిదో ముక్కూమొహం తెలియని పేరు, Total Editing Time దగ్గర ఆరు నిమిషాలు. క్లాసులో చెప్పిన కేస్ స్టడీ ఒక్కటి కూడా లేదు, రిఫరెన్సుల్లో పుస్తకాలు వేరే ఏదో కోర్సువి. విచారణ చేసే ప్యానెల్ వాళ్ళు పిలిచి ఈ పద్ధతి ఎందుకు ఎంచుకున్నావ్ అని అడిగితే ఆ పద్ధతి పేరు పలకడమే రాలేదు. ఇదంతా నడుస్తుంటే రాసిపెట్టినవాడు మెసేజ్ పెట్టాడు, ఇంకా డబ్బులు పంపకపోతే మీ యూనివర్సిటీకి నేనే చెప్తా అని. ఇట్లా బెదిరించడం ఆ వ్యాపారంలో మామూలే.

చూడండి, అక్కడ ఒక అమ్మినవాడున్నాడు, డబ్బు కట్టిన రికార్డుంది, ఫైల్ ఉంది. ఇవన్నీ మాస్టారు బుర్రలో కాదు, బయట ఉన్నాయి, ఇంకొకళ్ళు వచ్చి చూసుకోవచ్చు. తప్పుగా అనుకున్నా జవాబు చెప్పుకోవచ్చు. Author దగ్గర వేరే పేరుందంటే ల్యాప్‌టాప్ మా అన్నయ్యది అని బిల్లు చూపిస్తే సరిపోతుంది, ఆరు నిమిషాలే ఉందంటే గూగుల్ డాక్స్‌లో రాసి ఇందులో పేస్ట్ చేశానని ఆ డాక్యుమెంట్ తెరిచి చూపించొచ్చు. ఇంకోటి, ఆ సాక్ష్యం పాతబడదు. సిడ్నీలో మైమాస్టర్ అని అసైన్‌మెంట్లు రాసిచ్చే సైటు ఉండేది, 2014లో పత్రికవాళ్ళు దాని లోపలి రికార్డులు, డబ్బు ట్రాన్స్‌ఫర్ల రశీదులతో సహా బయటపెట్టారు. ఆ తర్వాత మాక్వారీ యూనివర్సిటీ చదువైపోయినవాళ్ళ డిగ్రీలు కూడా వెనక్కి తీసుకుంది. కాబట్టి మీ బావమరిది కొడుకుకి ఏం కాలేదు అనకండి, రశీదు ఇంకా ఎవరికీ దొరకలేదు, అంతే. దొరికితే శిక్ష కూడా పెద్దదే, డబ్బిచ్చి ముందే ప్లాన్ చేసుకున్నదని దాన్ని తప్పుల్లో పైమెట్టు మీద పెడతారు, నేరుగా పెద్ద ప్యానెల్‌కి పోతుంది. ఇంగ్లండ్‌లో 2022 చట్టంతో అట్లా రాసి అమ్మడం, దానికి యాడ్స్ ఇవ్వడం నేరం కూడా అయింది, అయితే ఆ చట్టం అమ్మేవాడి మీద, కొన్న పిల్లాడిని చూసుకునేది యూనివర్సిటీయే.

మీవాడి కేసు దీనికి తలకిందులు. అప్పుడు అనుమానం రావడం కష్టం, వస్తే సాక్ష్యం బయట దొరికేది. ఇప్పుడు అనుమానం ఫ్రీగా వస్తుంది, ఎవరూ ఏమీ వెతకక్కర్లేదు, పేపర్ అప్‌లోడ్ అవగానే పక్కన నంబర్ కనపడుతుంది, సాక్ష్యం మాత్రం ఇంకా పుట్టనే లేదు. ఇంట్లో దొంగసొత్తు దొరకడానికీ, మొహం చూస్తే దొంగలా ఉన్నాడు అనడానికీ ఉన్నంత తేడా. టర్నిటిన్‌లో ఏఐ రాతని పట్టే డిటెక్టర్ దగ్గర చూపించడానికి అసలు కాపీ ఏదీ ఉండదు. అది రాతని ముక్కలుగా చేసి, ఒక్కో వాక్యం మెషిన్ రాసే తీరులో ఉందా అని అంచనా వేస్తుంది అంతే. పైగా 68 శాతం అంటే మీవాడు తప్పు చేశాడని 68 శాతం నమ్మకం అని కాదండీ, రిపోర్ట్‌లో అంత భాగం ఏఐ రాతలా ఉందని ఆ సాఫ్ట్‌వేర్ అనుకుంటోంది అని. నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది, ఒక్కోసారి మాస్టార్లు కూడా, ఇక్కడే పొరబడుతున్నారు.

టర్నిటిన్ వాళ్ళు 2023 ఏప్రిల్‌లో దీన్ని తెచ్చినప్పుడే తప్పుగా పట్టేది ఒక శాతం లోపే అన్నారు, ఈ నంబర్ ఒక్కదాన్నే పట్టుకుని చర్య తీసుకోవద్దని కూడా వాళ్ళే చెప్తారు. ఒక శాతం అంటే చిన్నగా అనిపిస్తుంది. అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ లెక్కేసుకుంది, 2022లో తమ దగ్గర 75,000 పేపర్లు టర్నిటిన్‌కి వెళ్ళాయి, అందులో ఒక శాతం అంటే 750 పేపర్ల మీద తప్పుడు ముద్ర అని, 2023 ఆగస్టులో ఆ డిటెక్టర్ ఆపేసింది. స్టాన్‌ఫర్డ్ వాళ్ళ స్టడీ ఒకటి పిల్లలు వాట్సాప్‌లో తెగ తిప్పుతున్నారు, ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్ళు టోఫెల్‌కి రాసిన 91 వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లకి ఇస్తే సగటున సగానికి పైగా ఏఐ అన్నాయని. అది నిజమే, కానీ ఆ ఏడింటిలో టర్నిటిన్ లేదు, అందుకని దాన్ని తీసుకెళ్ళి ప్యానెల్ ముందు పెడితే ఒక్క ప్రశ్నతో పక్కన పడేస్తారు. డిటెక్టర్ తప్పు అని వాదించుకుంటూ కూర్చోవద్దు, అది అన్నిసార్లూ తప్పు కాదు కూడా. రాసింది నేనే అని చూపించడం మీదే టైం పెట్టాలి.

న్యాయంగా అయితే రుజువు చేయాల్సింది యూనివర్సిటీ, అక్కడ కొలత ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువ అన్నది, క్రిమినల్ కోర్టులో అడిగేంత కాదు. కానీ ఇట్లాంటి కేసులు కుప్పలుగా వస్తుండటంతో అరగంట మీటింగ్‌లో తేల్చేస్తున్నారు, భారం మెల్లగా పిల్లాడి మీదకి జారుతోంది. అందుకే ముందు మర్యాదగా ఒక మెయిల్ పెట్టమనండి, ఆ పూర్తి రిపోర్ట్ పంపండి, నంబర్ కాకుండా ఇంకేం ఆధారం ఉందో చెప్పండి అని. ఏఐ రిపోర్ట్ మామూలుగా మాస్టారుకే కనపడుతుంది, అడిగితేనే పిల్లాడి చేతికొస్తుంది. తర్వాత అసలు ఫైల్ ముట్టుకోకుండా వెర్షన్ హిస్టరీ, అంటే ఏ రోజు ఏం రాశాడో చూపించే చిట్టా, తెరవాలి. పదకొండు రోజులుగా పేరాలు రాసి, చెరిపి, అర్ధరాత్రి రిఫరెన్సులు కలిపినట్టు కనపడితే అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. అట్లా కాకుండా రెండు వేల పదాలు ఒక్కసారే వచ్చి పడ్డట్టుంటే అవి ఎక్కడినుంచి వచ్చాయో, ఫోన్ నోట్స్ నుంచా, వేరే ఫైల్ నుంచా, అది వెతికి పెట్టుకోవాలి. గ్రామర్లీతో వాక్యాలు తిరగరాయించాడా, వాక్యాల్ని వేరే మాటల్లోకి మార్చే క్విల్‌బాట్ వాడాడా, తెలుగులో అనుకుని ట్రాన్స్‌లేట్ చేశాడా, ఇవి కూడా దాచకుండా చెప్పాలి, ఎందుకంటే నంబర్ పెరగడానికి అదే కారణమై ఉండొచ్చు, అది రూల్స్‌లో ఒప్పుకుంటారా లేదా అన్నది వేరే ప్రశ్న. మీటింగ్‌లో రిపోర్ట్ గురించి అడుగుతారు, ఈ రిస్క్‌ని ముందెందుకు పెట్టావ్, ఈ ఆర్టికల్‌లో ఏం చెప్పారు అని. రాసినవాడైనా రెండు నెలలైతే మర్చిపోతాడు, కాబట్టి తన రిపోర్ట్ తనే మళ్ళీ చదువుకుని వెళ్ళాలి.

ఇంకో విషయం. పాత రాతలతో పోల్చి చూస్తాం అనొచ్చు. అడ్మిషన్‌కి పెట్టిన వాడి ఎస్‌ఓపీ వ్యాసం ఎవరు రాశారు సార్? కన్సల్టెన్సీ వాళ్ళు రాసుంటే దాన్ని నమూనాగా చూపించొద్దు, పరీక్ష హాల్లో కూర్చుని రాసిన ఆన్సర్లు చూడమని అడగాలి.

ఇప్పుడు నాకు నచ్చని రెండు సంగతులు. ఒకటి, రాతని మనిషి రాసినట్టు మారుస్తామనే హ్యూమనైజర్ టూల్స్. సొంతంగా రాసుకున్న పిల్లలు కూడా భయంతో తమ రాతని అందులో వేసి తిప్పుతున్నారు, నంబర్ తగ్గుతుందని. దాంతో వెర్షన్ హిస్టరీతో కలవని, తనది కాని రాత ఒకటి తయారై, లేని తప్పు నిజమైపోతోంది. రెండోది, ఒక్క ఏడాదిలో అయిపోయే ఈ మాస్టర్స్ మోజు. నాకు దీనిమీద చాలా కాలంగా డౌట్ ఉంది. అక్కడ చాలా సబ్జెక్టులు రాతమీదే నడుస్తాయి, చివర్లో పెద్ద డిసర్టేషన్. మన పిల్లలు నాలుగేళ్ళ బీటెక్‌లో రికార్డులు చూసి రాశారు, చాలామంది ప్రాజెక్ట్ అమీర్‌పేటలో కొన్నారు, దానికి డబ్బులిచ్చింది ఇంట్లోవాళ్ళే. సొంతంగా నాలుగు పేజీలు రాసే అలవాటు చేయించకుండా లక్షల లోను తీసి విమానం ఎక్కించి, అక్కడ నంబర్ రాగానే నీవల్లే పరువు పోయింది అంటే ఎట్లా సార్? అడ్మిషన్‌కి కమీషన్ తీసుకునే కన్సల్టెన్సీ ఆయన్ని అడిగారు, నన్నడిగారు, ఏం రాశావ్ రా, ఎట్లా రాశావ్ అని వాణ్ణి కూర్చోబెట్టి అడిగారా? మీరు రాసిన దాంట్లో అది నాకెక్కడా కనపడలేదు. ఇవాళ రాత్రి ఫోన్ చేసి అరవకుండా అదే అడగండి, స్క్రీన్ షేర్ చేసి ఆ హిస్టరీ చూపించమనండి, మీకే తెలిసిపోతుంది.

రేపు పొద్దున్నే స్టూడెంట్స్ యూనియన్ అడ్వైస్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోమనండి, ఫ్రీ, యూనివర్సిటీ చేతికింద ఉండదు, చాలా చోట్ల మీటింగ్‌కి తోడుగా కూడా వస్తారు. నిర్ణయం వ్యతిరేకంగా వస్తే ఆ లెటర్‌లో అప్పీల్ గడువు ఉంటుంది, చాలాసార్లు రోజుల్లోనే ఉంటుంది కాబట్టి అది దాటనివ్వొద్దు. అప్పీల్ కూడా పోతే యూనివర్సిటీ లోపల ఇక దారి లేదని చెప్పే కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్ అనే లెటర్ అడిగి తీసుకోవాలి, దాంతో 12 నెలల్లోపు విద్యార్థుల ఫిర్యాదులు చూసే బయటి సంస్థ ఓఐఏకి కంప్లైంట్ పెట్టొచ్చు, దానికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.